రెండు కటకాల కిరణ చిత్రం: చివరి ప్రతిబింబం ఎక్కడ పడుతుందో గీసి కనుక్కోవడం

కటకం ఒక్కటే ఉన్నంతసేపూ కిరణ చిత్రం చకచకా గీసేస్తారు. దాని పక్కన రెండోది పెట్టగానే పెన్సిల్ ఆగిపోతుంది. నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే ఇంటర్ పిల్లల కాగితాలు దిద్దుతుంటే తప్పు ఎక్కువగా ఒకే చోట కనిపిస్తుంది. మొదటి కటకం దాటి వచ్చిన కిరణం రెండో కటకాన్ని తాకింది. ఇప్పుడు దాన్ని ఎటు తిప్పాలి? ఏం చెయ్యాలో తోచక రెండో కటకం నాభి గుండా లాగేస్తారు. బొమ్మ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, జవాబు మాత్రం తప్పుతుంది.

ఆ కిరణాన్ని ఎటు తిప్పాలో ఆ క్షణంలో మీకు నిజంగానే తెలియదు. తెలియనప్పుడు తిప్పకండి, అక్కడే వదిలేయండి. మొదటి కటకం ఇచ్చిన ప్రతిబింబాన్ని కొత్త వస్తువు అనుకుని, దాని కొస నుంచి రెండో కటకానికి కొత్తగా కిరణాలు గీయండి. చివరి ప్రతిబింబం దొరికాక, వదిలేసిన పాత కిరణాలు ఎటు వెళ్లాలో అదే చెబుతుంది. ఇదే వరసలో ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా గీద్దాం. తర్వాత అవే కటకాలను దగ్గరకు జరిపి, చాలామందికి టెన్షన్ పెట్టే మిథ్యా వస్తువు సంగతి చూద్దాం.

లెక్క, స్కేలు

ఒక సెంటీమీటరు ఎత్తున్న వస్తువు ఉంది. దానికి కుడివైపు 15 సెం.మీ. దూరంలో 10 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం L₁. అక్కడి నుంచి ఇంకో 50 సెం.మీ. కుడివైపు 12 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం L₂. చివరి ప్రతిబింబం ఎక్కడ, ఎంత ఎత్తున, నిటారుగానా తలకిందులుగానా?

గ్రాఫు కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. అడ్డం కొలతకు ఒక సెంటీమీటరును 2 మిల్లీమీటర్లుగా తీసుకోండి. నిలువు కొలతను మాత్రం తగ్గించకండి, ఒక సెంటీమీటరుకు ఒక సెంటీమీటరే ఉంచండి. అడ్డానికో స్కేలు, నిలువుకో స్కేలు వాడొచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. వాడొచ్చు. సరళరేఖ సాగదీసినా సరళరేఖే, రెండు గీతలు కలిసే చోటు కూడా మారదు. కానీ కోణాలు మారిపోతాయి కాబట్టి ఈ బొమ్మ మీద కోణమానిని పెట్టి ఏదీ కొలవకూడదు. రెండింటికీ ఒకే స్కేలు తీసుకుంటే మీ వస్తువు 2 మిల్లీమీటర్ల పుల్ల అవుతుంది, దాని కొస ఎక్కడుందో మీకే కనబడదు.

ప్రధానాక్షాన్ని కాగితం మధ్యలో గీయండి. ఎడమ అంచు నుంచి 40 మి.మీ. దగ్గర L₁ కోసం నిలువు గీత గీయండి. అక్కడి నుంచి 100 మి.మీ. కుడివైపు L₂ కోసం ఇంకో నిలువు గీత. కటకాన్ని పొట్టతో బొమ్మలా వేయొద్దు. పలుచని కటకం అంటే కిరణం ఒకే గీత దగ్గర వంగుతుందని మనం ఒప్పుకున్నట్టు. పొట్ట వేస్తే ముందు తలం దగ్గర వంచాలా, వెనక తలం దగ్గరా అన్న గొడవ మొదలవుతుంది. కుంభాకారమని తెలియడానికి గీత రెండు చివర్లా బయటికి చూసే బాణం గుర్తులు చాలు. ఈ గీతలు అక్షానికి పైనా కిందా 45 మి.మీ. చొప్పున ఉండాలి. అంత పొడుగు ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

L₁కు రెండు వైపులా 20 మి.మీ. దగ్గర F₁, L₂కు రెండు వైపులా 24 మి.మీ. దగ్గర F₂ గుర్తు పెట్టండి. L₁కు ఎడమవైపు 30 మి.మీ. దగ్గర 10 మి.మీ. ఎత్తున్న బాణం నిలబెట్టండి. అదే వస్తువు.

మొదటి కటకం: రెండోది లేనట్టే

L₂ మీద ఒక చీటీ కప్పినా తప్పులేదు. ఇప్పుడు లోకంలో L₁ ఒక్కటే ఉంది. వస్తువు కొస నుంచి మూడు కిరణాలు గీయండి.

మొదటిది అక్షానికి సమాంతరంగా వెళ్లి L₁ను 10 మి.మీ. ఎత్తున తాకి, కుడివైపు F₁ గుండా కిందికి దిగుతుంది. రెండోది L₁ దృక్ కేంద్రం గుండా వంగకుండా నేరుగా పోతుంది. మూడోది ఎడమవైపు F₁ గుండా వెళ్లి, అక్షానికి 20 మి.మీ. కింద L₁ను తాకి, అక్కడి నుంచి అక్షానికి సమాంతరంగా సాగుతుంది.

ఈ మూడూ L₁కు 60 మి.మీ. కుడివైపు, అక్షానికి 20 మి.మీ. కింద కలుస్తాయి. ఆ బిందువు నుంచి అక్షం దాకా బాణం గీసి I₁ అని రాయండి. నిజమైన దూరంలో 30 సెం.మీ., ఎత్తు 2 సెం.మీ., తలకిందులు. సూత్రంతో సరిచూసుకోండి:

1/v − 1/u = 1/f
1/v₁ = 1/10 − 1/15 = 1/30, కాబట్టి v₁ = +30 సెం.మీ.
m₁ = v₁/u₁ = 30/(−15) = −2

ఇక్కడ తొందరపడొద్దు. I₁ స్థానంలో మీరు ఒక మిల్లీమీటరు తప్పితే, రెండో కటకం ఆ తప్పును పెంచి చివరి ప్రతిబింబాన్ని రెండు మిల్లీమీటర్లకు పైగా జరుపుతుంది. రెండు కిరణాలు చాలు కదా అని మూడోది మానేస్తే ఆ తప్పు బయటపడే దారి కూడా ఉండదు. మూడూ ఒకే బిందువులో కలవకపోతే అక్కడే ఆగి రబ్బరు తీయండి.

మూడు కిరణాలనూ I₁ దగ్గర ఆపకండి, వంచకండి. అక్కడ తెర ఏమీ లేదు. కాంతి ఆ బిందువు గుండా దాటిపోతుంది. మూడు గీతలనూ L₂ దాకా నేరుగా పొడిగించి అక్కడ ఆపేయండి. సమాంతరంగా బయలుదేరిన కిరణం L₂ను అక్షానికి 40 మి.మీ. కింద తాకుతుంది. కేంద్ర కిరణం 33 మి.మీ. కింద తాకుతుంది. నాభి కిరణం 20 మి.మీ. కిందే ఉంటుంది. నిలువు గీత పొడుగ్గా గీయమన్నది ఇందుకే.

రెండో కటకం: కొత్త వస్తువు, కొత్త కిరణాలు

I₁ కొస దగ్గర కిరణాలు కలిసి, దాటి, మళ్లీ విడిపోతున్నాయి. L₂ వైపు నుంచి చూస్తే, అక్కడ ఒక వస్తువు ఉండి దాని కొస నుంచి కాంతి వస్తున్నట్టే ఉంటుంది. కాబట్టి L₂కు వస్తువు I₁. దాని దూరం 50 − 30 = 20 సెం.మీ. అంటే కాగితం మీద 40 మి.మీ.

ఇప్పుడు రంగు పెన్సిల్ తీసుకోండి. I₁ కొస నుంచి L₂ దృక్ కేంద్రం గుండా ఒక గీత గీసి కుడివైపు పొడిగించండి. అలాగే I₁ కొస నుంచి ఎడమవైపు F₂ గుండా ఇంకో గీత. అది L₂ను అక్షానికి 30 మి.మీ. పైన తాకి, అక్కడి నుంచి సమాంతరంగా వెళుతుంది. ఈ రెండింటినీ I₁ నుంచి L₂ వరకు చుక్కల గీతలుగా వేయండి. ఇవి స్థానం కనుక్కోవడానికి మనం వేసుకున్న సాయపు గీతలు. L₁ నుంచి మనం తెచ్చిన మూడు కిరణాల్లో ఇవి లేవు.

మూడో గీత మాత్రం మీరు కొత్తగా గీయనక్కర్లేదు. ఇందాకటి నాభి కిరణం L₁ దాటాక అక్షానికి సమాంతరంగా వస్తోంది కదా. L₂కు సమాంతర కిరణం అదే. అది L₂ దాటాక కుడివైపు F₂ గుండా పోవాలి. రెండు కటకాల బొమ్మలో వస్తువు నుంచి చివరి ప్రతిబింబం దాకా ఎక్కడా తెగకుండా, నియమం ప్రకారం గీయగలిగేది ఈ ఒక్క కిరణాన్నే. నాకు ఈ కిరణమంటే ప్రత్యేకమైన ఇష్టం. పరీక్షలో టైం లేకపోతే దీన్నీ, L₂ కేంద్రం గుండా పోయే సాయపు గీతనూ వేస్తే చాలు, జవాబు వచ్చేస్తుంది.

మూడు గీతలూ L₂కు 60 మి.మీ. కుడివైపు, అక్షానికి 30 మి.మీ. పైన కలుస్తాయి. అదే I₂. అంటే చివరి ప్రతిబింబం రెండో కటకానికి 30 సెం.మీ. అవతల, 3 సెం.మీ. ఎత్తున, నిటారుగా ఉంది.

1/v₂ = 1/12 − 1/20 = 1/30, కాబట్టి v₂ = +30 సెం.మీ.
m₂ = 30/(−20) = −1.5

వదిలేసిన కిరణాలను పూర్తి చేయడం

ఇప్పుడు L₂ దగ్గర ఆపేసిన రెండు పాత కిరణాల దగ్గరకు వెళ్లండి. ఒకటి 40 మి.మీ. కింద, ఇంకోటి 33 మి.మీ. కింద ఆగి ఉన్నాయి. రెండూ వస్తువు కొస నుంచి బయలుదేరినవే కాబట్టి రెండూ I₂ కొసకు చేరాలి. ఆ బిందువుల నుంచి I₂ కొసకు స్కేలు పెట్టి కలిపేయండి. అంతే.

కలిపాక మొదటి కిరణాన్ని జాగ్రత్తగా చూడండి. అది L₂ దాటాక అక్షాన్ని ఎక్కడ ఖండించింది? L₂ నుంచి సుమారు 34 మి.మీ. దగ్గర, అంటే నిజమైన దూరంలో 17 సెం.మీ. పైచిలుకు. F₂ ఉన్నది 24 మి.మీ. దగ్గర. నాభి గుండా లాగేసే అలవాటు ఎందుకు తప్పో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. L₂ను తాకేటప్పుడు ఆ కిరణం సమాంతరంగా లేదు, కిందికి వాలి ఉంది. వాలి వచ్చిన కిరణాన్ని నాభి గుండా పంపితే I₂ ఉండాల్సిన చోట అది 30 మి.మీ. ఎత్తుకు బదులు 60 మి.మీ. ఎత్తున పోతుంది. ప్రతిబింబం రెట్టింపు పొడవని రాసేస్తారు.

మొత్తం ఆవర్ధనం

m = m₁ × m₂ = (−2) × (−1.5) = +3

గుణకారం ఎందుకంటే, రెండో కటకం పెంచుతున్నది అసలు వస్తువును కాదు, అప్పటికే రెండింతలైన I₁ను. కొందరు కలిపి −3.5 అని రాస్తారు. బొమ్మ ఉంటే ఆ తప్పు వెంటనే దొరుకుతుంది. అసలు బాణం 10 మి.మీ. పైకి, చివరి బాణం 30 మి.మీ. పైకి, నిష్పత్తి +3. గుర్తుల విషయంలోనూ బొమ్మే సాక్షి. ఒకసారి తలకిందులైనది మళ్లీ తలకిందులైతే నిటారే.

రెండు కటకాలకూ కలిపి ఒకే సూత్రం ఉంది కదా, దాంతో ఒక్క లైనులో తేల్చేయొచ్చు కదా అనేవాళ్లూ ఉంటారు. ఆ సూత్రం ఇది:

1/F = 1/f₁ + 1/f₂ − d/(f₁f₂)

మన అంకెలు వేస్తే F సుమారు −4.3 సెం.మీ. వస్తుంది. రెండూ కుంభాకార కటకాలే, కానీ కలిపితే రుణ నాభ్యంతరం! సూత్రంలో తప్పేమీ లేదు. కానీ ఆ F ను వాడాలంటే దూరాలను L₁ నుంచో L₂ నుంచో కాకుండా ఆ జంట ప్రధాన తలాల నుంచి కొలవాలి. అది తెలియక u = −15 వేసేస్తే v = −3.3 సెం.మీ. వస్తుంది, అంటే మిథ్యా ప్రతిబింబం అని తేలుతుంది. నిజానికి తెర మీద పట్టుకోదగిన ప్రతిబింబం 30 సెం.మీ. అవతల ఉంది. కటకాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నప్పుడు తప్ప ఆ అడ్డదారిని నేను నమ్ముకోను.

బొమ్మలో ఉన్న కిరణాలన్నీ నిజంగా వెళతాయా?

ల్యాబులో దొరికే లెన్సుకు 5 సెం.మీ. వ్యాసం ఉందనుకోండి. అక్షానికి కిందికి 2.5 సెం.మీ. వరకే గాజు ఉంటుంది. మన బొమ్మలో సమాంతర కిరణం L₂ను 4 సెం.మీ. కింద, కేంద్ర కిరణం 3.3 సెం.మీ. కింద తాకాయి. అంటే ఆ రెండూ లెన్సు పక్క నుంచి గోడకు పోతాయి. నాభి కిరణం ఒక్కటే లోపలికి వెళుతుంది. అయినా బొమ్మ తప్పు కాదు. ప్రతిబింబం స్థానం కటకం ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడదు. అందుకే గీతను ఊహలో పొడిగించి వాడుకుంటున్నాం.

మారేది వెలుగు. వస్తువు కొస నుంచి వచ్చి L₁ మీద పడిన కాంతిలో, కింది అంచున 1.25 సెం.మీ. మేర పడినదే L₂కు అందుతుంది. మిగతాదంతా బయటికి పోతుంది. వస్తువు అక్షాన్ని తాకే బిందువు నుంచి వచ్చే కాంతికి ఈ ఇబ్బంది లేదు, L₁ మీద పడినదంతా L₂లోకి వెళుతుంది. కాబట్టి కొవ్వొత్తి పెట్టి ఈ ప్రయోగం చేస్తే, తెర మీద ప్రతిబింబం అక్షం దగ్గర ప్రకాశంగా, కొసకు వెళ్లేకొద్దీ మసకగా కనిపిస్తుంది.

ప్రయోగం మాటొచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. డిగ్రీ రోజుల్లో నేనూ నా జతగాడూ ఈ అమరిక పెట్టి, ముందు I₁ దగ్గర తెర పెట్టి చూసుకున్నాం, బాగా వచ్చింది. తర్వాత L₂ అవతల ఇంకో తెర పెట్టి అరగంట వెతికాం, ఏమీ రాలేదు. మొదటి తెర తీయలేదు! కాంతి అక్కడే ఆగిపోతే రెండో కటకానికి ఏం చేరుతుంది? I₁ దగ్గర తెర ఉన్నా లేకున్నా ప్రతిబింబం ఉంటుందని నాకు ఆ రోజు ఒంటబట్టింది.

రెండో కటకాన్ని I₁ కంటే ముందుకు తెస్తే

ఇప్పుడు అవే కటకాలు, అదే వస్తువు. L₂ను మాత్రం L₁కు 24 సెం.మీ. దూరానికి జరపండి. I₁ 30 సెం.మీ. దగ్గర ఏర్పడాలి. కానీ కిరణాలు అక్కడికి చేరకముందే, 6 సెం.మీ. ముందే, L₂ వాటిని పట్టుకుంటుంది. అంటే I₁ నిజంగా ఏర్పడదు. అయినా L₂కు వస్తువు అదే. దీన్నే మిథ్యా వస్తువు అంటారు.

కొత్త కాగితం తీసుకోండి. ఈసారి దూరాలు చిన్నవి కాబట్టి అడ్డం స్కేలు పెంచి ఒక సెంటీమీటరుకు 4 మి.మీ. పెట్టండి. L₁ నుంచి వస్తువు 60 మి.మీ. ఎడమకు, F₁ రెండు వైపులా 40 మి.మీ., L₂ 96 మి.మీ. కుడికి, దాని F₂ రెండు వైపులా 48 మి.మీ. నిలువు స్కేలు పాతదే.

మొదటి దశ కూడా మారదు. L₂ లేదనుకుని మూడు కిరణాలూ గీసి I₁ ను L₁కు 120 మి.మీ. కుడివైపు, అక్షానికి 20 మి.మీ. కింద గుర్తు పెట్టండి. కానీ L₂ గీత దాటాక ఆ కిరణాలు చుక్కల గీతలుగా మారాలి, ఎందుకంటే కాంతి అటు వెళ్లడం లేదు. I₁ బాణాన్ని కూడా చుక్కలతోనే వేయండి.

తికమక వచ్చేది ఇక్కడే. ఇందాక I₁ నుంచి L₂ వైపు కిరణాలు వచ్చాయి. ఇప్పుడు I₁ L₂కు కుడివైపు ఉంది. చాలామంది I₁ నుంచి వెనక్కి, ఎడమవైపుకు కిరణాలు గీస్తారు. కాంతి వెనక్కి రాదు. ఎడమ నుంచి వస్తూ I₁ కొస వైపు గురిపెట్టిన కిరణాలను వెతకాలి. ప్రశ్న ఇలా వేసుకోండి: L₂ లేకపోతే I₁ కొసకు చేరేవి, L₂ను నాకు తెలిసిన పద్ధతిలో తాకేవి ఏవి?

ఒకటి మన పాత స్నేహితుడు, L₁ దాటాక సమాంతరంగా వచ్చే కిరణం. 20 మి.మీ. కింద నడుస్తూ I₁ కొసకు గురిపెట్టి ఉంది. L₂ దగ్గర వంగి కుడివైపు F₂కు పోతుంది. రెండోది L₂ కేంద్రాన్నీ I₁ కొసనూ కలిపే గీత. అది వంగదు, నేరుగా వెళుతుంది. మూడోది ఎడమవైపు F₂ నుంచి I₁ కొసకు స్కేలు పెట్టి గీసేది. L₂ దగ్గర 13 మి.మీ. కింద తాకి సమాంతరమవుతుంది.

మూడూ L₂కు 16 మి.మీ. కుడివైపు, అక్షానికి 13 మి.మీ. కింద కలుస్తాయి. నిజమైన దూరంలో 4 సెం.మీ. I₁ కంటే ముందే, అంతకంటే పొట్టిగా. కుంభాకార కటకం అప్పటికే దగ్గరవుతున్న కిరణాలను ఇంకా త్వరగా దగ్గర చేసింది కాబట్టి ఇలాగే రావాలి. ఒకవేళ మీ I₂ I₁కు కుడివైపు పడితే ఎక్కడో కిరణాన్ని తప్పు వైపు వంచారన్నమాట.

లెక్కలో గుర్తు మారుతుంది. వస్తువు L₂కు కుడివైపు ఉంది కాబట్టి u₂ ధనం:

u₂ = 30 − 24 = +6 సెం.మీ.
1/v₂ = 1/12 + 1/6 = 1/4, కాబట్టి v₂ = +4 సెం.మీ.
m₂ = 4/6 = +2/3
m = (−2) × (+2/3) = −4/3

అలవాటు కొద్దీ u₂ = −6 వేస్తే v₂ = −12 వస్తుంది. ఆ జవాబు ఈ లెక్కది కాదు, L₂ను I₁కు 6 సెం.మీ. అవతల పెట్టిన లెక్కది. గుర్తు పట్టుకోవడానికి u₂ = v₁ − d అని రాసుకోవడం మేలు. 30 − 50 = −20, 30 − 24 = +6. గుర్తు దానంతటదే వస్తుంది, మిథ్యా వస్తువా నిజ వస్తువా అని ఆలోచించే పనే ఉండదు.

మధ్యలో ఏం జరుగుతుంది

50 నుంచి 24కు ఒక్కసారిగా దూకాం. ఆ మధ్యలో ఆవర్ధనం +3 నుంచి −1.33కు ఎలా వచ్చింది? కటకాన్ని మెల్లగా జరుపుతూ చూడండి. దూరం తగ్గేకొద్దీ I₂ కుడివైపుకు పరుగెడుతూ పెద్దదవుతుంది. సరిగ్గా 42 సెం.మీ. దగ్గర I₁ వచ్చి L₂ నాభి మీద కూర్చుంటుంది. అప్పుడు మీ రంగు గీతలు ఎంత పొడిగించినా సమాంతరంగానే పోతాయి, కాగితం మీద I₂ ఉండదు. బొమ్మ తప్పేమో అని కంగారుపడొద్దు, జవాబే అది.

36 సెం.మీ.కి తెస్తే L₂ దాటిన కిరణాలు విడిపోతుంటాయి. వాటిని చుక్కల గీతలతో వెనక్కి పొడిగిస్తే L₂కు ఎడమవైపు 12 సెం.మీ. దగ్గర కలుస్తాయి. మిథ్యా ప్రతిబింబం, మొత్తం ఆవర్ధనం −4. సంయుక్త సూక్ష్మదర్శినిలో కంటి దగ్గరి కటకం చేసేది ఈ పనే. తలకిందులుగా కనిపించడం కూడా అందుకే.

30 సెం.మీ. దగ్గర L₂ సరిగ్గా I₁ మీదే ఉంటుంది. ఇక్కడ మూడు కిరణాల పద్ధతి పనికిరాదు, ఎందుకంటే అన్నీ కటకాన్ని ఒకే బిందువులో తాకుతాయి. ప్రతిబింబం అక్కడే, అంతే పరిమాణంలో ఉండిపోతుంది, ఆవర్ధనం −2. మరి ఆ కటకం ఏం చేసినట్టు? దాటాక వెళ్లే దారిని అక్షం వైపు వంచింది. ఇందాక కొస మసకబారిందని చెప్పుకున్నామే, ఆ బాధకు మందు ఇదే. 50 సెం.మీ. అమరికలో I₁ దగ్గర మూడో కుంభాకార కటకం ఒకటి పెడితే, పక్కకు పోయే కిరణాలు L₂ వైపు తిరుగుతాయి. I₂ స్థానం, ఎత్తు మారవు. దూరదర్శినుల్లో దీన్ని ఫీల్డ్ లెన్స్ అంటారు.

చివరగా 24 సెం.మీ. బొమ్మలోనే L₂ను తీసేసి, అదే 12 సెం.మీ. నాభ్యంతరం ఉన్న పుటాకార కటకం పెట్టి గీసి చూడండి. సమాంతరంగా వచ్చే కిరణం ఈసారి కుడివైపు నాభికి పోదు, ఎడమవైపు F₂ నుంచి వస్తున్నట్టు కిందికి విచ్చుకుంటుంది. కేంద్రం గుండా పోయే గీత మాత్రం పాతదే. రెండూ L₂కు 48 మి.మీ. కుడివైపు, అక్షానికి 40 మి.మీ. కింద కలవాలి. అంటే 12 సెం.మీ. దూరంలో, 4 సెం.మీ. ఎత్తున, నిజ ప్రతిబింబం. పుటాకార కటకం నిజ ప్రతిబింబం ఇవ్వదని చదివాం కదా అని ఇక్కడ రబ్బరు తీసినవాళ్లున్నారు. ఆ మాట నిజ వస్తువుకే వర్తిస్తుంది.